ఉద్యోగ అనుభవం లేకుండా ఏజెన్సీకి పోర్ట్‌ఫోలియో: ఒక పచ్చడి సీసా లేబుల్‌తో మొదలుపెడదాం

విజయవాడ, గుంటూరు వైపు నుంచి యాడ్ ఏజెన్సీలకి వచ్చే ఫ్రెషర్ డిజైనర్ల పోర్ట్‌ఫోలియోలు చాలావరకు ఒకేలా ఉంటాయండి. ముప్పై నలభై పోస్టర్లు, సగం పండగ శుభాకాంక్షలు, హీరో బర్త్‌డే డిజైన్లు నాలుగు, టీకప్పు మీద లోగో పెట్టిన మాకప్ ఒకటి, చివరి పేజీలో ఫోటోషాప్ 90 శాతం, ఇలస్ట్రేటర్ 85 శాతం అని గీతలు. చూసేవాళ్లకి దీన్నుంచి తెలిసేది ఈ పిల్లోడికి సాఫ్ట్‌వేర్ వచ్చు అని, అంతే. వాళ్లకి కావాల్సింది వేరే: ఒక పని చేతికిస్తే కొలతలు తీసుకుని, క్లయింట్‌తో మాట్లాడి, తప్పుల్లేకుండా ప్రింట్‌ దాకా తీసుకెళ్తాడా లేదా. ఉద్యోగం చేసినోడికి ఆ భరోసా పాత కంపెనీ పేరు ఇస్తుంది, మీకు అది లేదు కాబట్టి చివరి దాకా పూర్తిచేసిన ఒక పని ఇవ్వాలి.

అందుకే ముప్పై వద్దు. మూడు చాలు, అందులో ఒకటి మాత్రం నిజంగా ప్రింటై, నిజంగా ఎవరో వాడుతున్నది అయ్యుండాలి. ఆ ఒక్కటి ఎలా చెయ్యాలో ఒక ఉదాహరణతో వివరంగా చెప్తా, మిగతా రెండూ తర్వాత చూద్దాం. గుంటూరులో ఫ్లెక్స్ షాపులో డిజైన్లు చేసే ఒక తమ్ముడు వాళ్ల వీధిలో ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్మే పిన్నిగారికి లేబుల్ చేశాడు, ఆ పనే తీసుకుందాం.

ముందు పని దొరకాలి, ఎవర్ని అడగాలి

పెద్ద బ్రాండ్‌ని మనంతట మనమే రీడిజైన్ చెయ్యడం కన్నా ఇలాంటి చిన్న పని నయం. ఎందుకంటే పెద్ద బ్రాండ్‌కి మీరు చేసింది ఎవరూ కాదనలేదు, ఎవరూ మార్చమనలేదు, కాబట్టి అక్కడ మీ నిర్ణయం ఏదీ పరీక్షకి నిలబడలేదు. పిన్నిగారైతే మొహం మీదే చెప్తారు. బ్రాడీపేటలో, అరండల్‌పేటలో, సత్యనారాయణపురంలో, పటమటలో ఎక్కడ చూసినా ఇళ్లలో పచ్చళ్లు, పొడులు, స్వీట్లు చేసి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకునేవాళ్లు ఉన్నారు, సీసా మీద స్కెచ్ పెన్నుతో పేరు రాసి ఇస్తుంటారు.

అడిగేటప్పుడు ఫ్రీగా చేస్తానండి అని ఊరుకోకండి. డిజైన్‌కి డబ్బులొద్దు, ప్రింట్ ఖర్చు మీది, పని ఫోటోలు నా పోర్ట్‌ఫోలియోలో పెట్టుకుంటా, మార్పులు రెండు సార్లు చేస్తా అని ముందే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి. ఆమె సరే బాబూ అని పెట్టిన రిప్లై చాలు, అదే మీ అగ్రిమెంటు. ప్రింట్ ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి అని ఎందుకంటున్నానంటే, రూపాయి పెట్టినోళ్లే డిజైన్‌ని సరిగ్గా చూస్తారు, పూర్తి ఫ్రీ అయితే ఏదిచ్చినా బాగుంది నాయనా అంటారు, దాంతో మీకు ఒరిగేదేం లేదు.

కంప్యూటర్ తెరవకముందు సీసా కొలవండి

ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. ఎ4 ఆర్ట్‌బోర్డ్ తెరిచి అందంగా డిజైన్ చేసి, ఆఖర్న సీసాకి అతికిద్దామంటే సరిపోదు.

పిన్నిగారి పావుకిలో సీసా అడ్డకొలత 7 సెంటీమీటర్లు. దాన్ని 3.14తో గుణిస్తే చుట్టుకొలత దగ్గర దగ్గర 22. అంచు మీద అంచు ఎక్కి అతుక్కోడానికి అర సెంటీమీటరు కలిపితే లేబుల్ పొడవు 22.5. లెక్క వచ్చింది కదా అని వదిలెయ్యకుండా కాగితం ముక్క కత్తిరించి చుట్టి చూడండి, సీసాలు కొన్ని పైకి వెళ్లేకొద్దీ సన్నబడతాయి, అప్పుడు నిటారు లేబుల్ ముడత పడుద్ది. ఎత్తు విషయంలో కూడా మొత్తం సీసా ఎత్తు కాదు, భుజం దగ్గర వంపు మొదలయ్యే దాకా ఉన్న నిటారు భాగమే లెక్క. ఈ సీసాకి అది 6 సెంటీమీటర్లు, అందుకని లేబుల్ ఎత్తు 5.5 అనుకున్నారు.

ఇంకో సంగతి ఉంది. 22 సెంటీమీటర్ల లేబుల్ అయినా ఎదురుగా నిలబడినోడికి ఒకేసారి సాఫీగా కనపడేది మూడో వంతే, ఏడు సెంటీమీటర్లు అనుకోండి, మిగతాదంతా పక్కకి తిరిగిపోద్ది. అంటే పేరు, పచ్చడి రకం, శాకాహారం గుర్తు, బరువు ఈ నాలుగూ ఆ ఏడు సెంటీమీటర్లలోనే ఇమడాలి. తమ్ముడి మొదటి డిజైన్‌లో "గుంటూరు గోంగూర పచ్చడి" అని ఒకే లైన్లో 12 సెంటీమీటర్ల పొడవున పరిచాడు, స్క్రీన్ మీద అదిరిపోయింది, సీసాకి చుట్టి ఎదురుగా పెడితే మధ్యలో "గోంగూర" ఒక్కటే కనిపించింది. ఆ తప్పు లేబుల్ ఫోటో పారెయ్యకుండా పోర్ట్‌ఫోలియోలో పెట్టాడు, కింద ఒక లైన్ రాశాడు: చుట్టి చూశాక పేరు రెండు లైన్లు చేశాను, వెడల్పు 6.5 సెంటీమీటర్లకి తగ్గించాను. నా లెక్కలో ఆ పోర్ట్‌ఫోలియో మొత్తంలో విలువైన పేజీ అదే.

లేబుల్ మీద ఏమేం రాయాలి

ప్యాక్ చేసి అమ్మే తిండి వస్తువు కాబట్టి మన ఇష్టం వచ్చినట్టు కుదరదు. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు, ఆకుపచ్చ చతురస్రం గీత లోపల ఆకుపచ్చ నిండు వృత్తం ఉండే శాకాహార గుర్తు, వాడిన సరుకులు ఎక్కువ మోతాదు ఉన్నది ముందు వచ్చేలా, నికర బరువు, అన్ని పన్నులు కలిపి ఎంఆర్‌పీ, తయారుచేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, బ్యాచ్ నంబరు, తయారీదారు పేరు అడ్రసు, కంప్లయింట్‌కి ఫోన్ నంబరు. పోషక విలువల పట్టీ లాంటివి ఇంకేమన్నా కావాలా అనేది పిన్నిగారి రిజిస్ట్రేషన్ చూసినవాళ్లని అడిగించండి, మనం ఊహించి రాయకూడదు.

రిజిస్ట్రేషన్ ఇంకా రాలేదనుకోండి, ఏదో ఒక 14 అంకెలు కొట్టేసి నింపొద్దు. ఆ చోటు ఖాళీగా ఉంచి "నంబరు రావాలి" అని కనపడేలా రాయండి, నంబరొచ్చేదాకా అమ్మకానికి ప్రింట్ వెయ్యకండి. దొంగ నంబరు ఏజెన్సీ వాళ్ల కంట పడితే ఆ పోర్ట్‌ఫోలియో అక్కడితో సరి.

తేదీ, బ్యాచ్ నంబరు ప్రింట్ చెయ్యకండి, ఆమె ప్రతి వాయికి మార్చాలి కదా. అక్కడ తెల్లటి పెట్టె వదిలితే పెన్నుతోనో చిన్న రబ్బరు స్టాంపుతోనో వేసుకుంటారు. మెరిసే గ్లాసీ లామినేషన్ మీద మామూలు పెన్ను జారిపోద్ది, అందుకే పర్మనెంట్ మార్కర్‌తో ముందే రాసి చూడాలి. ఇంత చిన్న ఆలోచన ఎందుకంటారా, ఇంటర్వ్యూలో దీని గురించే అడుగుతారు.

తెలుగు అక్షరాల దగ్గర ఆగండి

మన ఊళ్ల నుంచి వెళ్లేవాళ్లకి హైదరాబాద్ ఏజెన్సీలో అసలైన పైచెయ్యి తెలుగు. ఇంగ్లీషులో తయారైన యాడ్‌ని తెలుగులోకి దించే పని అక్కడ రోజూ ఉంటుంది, అది చక్కగా చేసేవాళ్లు తక్కువ. కానీ ఇందులోనే బాగా తెలిసిపోయే తప్పులూ ఉన్నాయి.

ఫ్లెక్స్ షాపుల్లో అలవాటైన అను ఫాంట్లు చూడ్డానికి బాగుంటాయి గానీ అవి యూనికోడ్ కాదు, ఆ ఫాంట్ లేని సిస్టంలో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. కాబట్టి పోర్ట్‌ఫోలియోలో కనీసం ఒక పని యూనికోడ్‌లో చేసి చూపించండి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సురన్న, ధూర్జటి, అనేక్ తెలుగు, ఆఖరికి మన ఊరి పేరుతోనే హింద్ గుంటూరు కూడా ఉచితంగా దొరుకుతున్నాయి.

యూనికోడ్ తెలుగు టైప్ చేస్తే ఇలస్ట్రేటర్‌లో ఒత్తు కిందకి వెళ్లకుండా పొల్లుతో విడిపోయి "పచ్‌చడి" లాగా కనిపిస్తే భయపడకండి, ఫాంట్ తప్పు కాదు. `Preferences > Type`లో `Show Indic Options` టిక్ పెట్టి, తర్వాత `Paragraph` ప్యానెల్ మెనూలో `Middle Eastern & South Asian Every-line Composer` ఎంచుకోండి. ఫోటోషాప్ పాత వెర్షన్లలో అయితే `Preferences > Type`లోనే `World-Ready Layout`. ఇలా విడిపోయిన ఒత్తులతో ప్రింటైన బోర్డులు మన రోడ్ల మీద బోలెడు చూస్తాం, పోర్ట్‌ఫోలియోలో ఒక్కటి కనిపించినా తెలుగు చదివేవాళ్లు ఇంక ముందుకెళ్లరు.

తర్వాత లైన్ల మధ్య ఖాళీ. ఇంగ్లీషుకి సాఫ్ట్‌వేర్ దానంతటదే పెట్టేది అక్షరం సైజుకి 120 శాతం, తెలుగుకి అది చాలదు. పై లైన్లో ఒత్తు కిందకి దిగుద్ది, కింది లైన్లో గుడి పైకి లేస్తుంది, రెండూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఈ లేబుల్‌లోనే "పచ్చడి" కింద "ఇంటి రుచి" అని ఉంటే చ ఒత్తు వచ్చి టి మీద గుడిని తాకింది. 140, 150 శాతం దాకా పెంచి చూడండి, అప్పటికీ తగిలితే మాటల్ని కొంచెం పక్కకి జరపండి. తమ్ముడు అదే చేశాడు, కింది లైన్‌ని నాలుగు మిల్లీమీటర్లు కుడికి నెట్టేసరికి ఒత్తు ఖాళీలోకి దిగింది.

సరుకుల జాబితా లాంటి చిన్న అక్షరాలకి లావు ఫాంట్ వాడకండి, అక్షరాల్లో కన్నాలు ప్రింట్‌లో పూడిపోయి మచ్చల్లా వస్తాయి. అక్షరదోషాలు మీరు ఒక్కరే చూసుకుంటే దొరకవు, ఇంట్లో తెలుగు బాగా చదివే పెద్దవాళ్ల చేతికి ప్రింట్ ఇచ్చి పైకి చదవమనండి. "పదార్థాలు"కి బదులు "పదార్ధాలు" అని పడ్డం ఎంత మామూలో వాళ్లే చెప్తారు.

ప్రింట్ వేయించడం

మొదటి ప్రింటు జిరాక్స్ షాపులో నలుపు తెలుపే, ఎ4 కాగితం పొడవు 29.7 సెంటీమీటర్లు కాబట్టి 22.5 లేబుల్ హాయిగా పడుతుంది. కత్తిరించి సీసాకి చుట్టి రెండడుగుల దూరం నుంచి చదవండి. సరిపోయాకే కలర్.

కలర్‌కి డిజిటల్ ప్రెస్‌కి వెళ్లాలి, విజయవాడ గవర్నర్‌పేటలో అయినా గుంటూరులో అయినా 12 బై 18 అంగుళాల షీట్ లెక్కన వేస్తారు. ఫైల్ సీఎంవైకే, చుట్టూ కత్తిరింపులో పోయేలా 3 మిల్లీమీటర్ల బ్లీడ్, ఫోటో ఉంటే అసలు సైజులో 300 డీపీఐ. బ్లీడ్‌తో కలిపి లేబుల్ 23.1 బై 6.1 అవుతుంది, 18 అంగుళాల వైపు ఒకదాని కింద ఒకటి పేరిస్తే షీట్‌కి ఏడు లేబుళ్లు వస్తాయి. షీట్ ధర ఏడుతో భాగిస్తే సీసాకి లేబుల్ ఖర్చెంతో తెలిసిపోద్ది, ఆ లెక్క పిన్నిగారికి చెప్పండి, పోర్ట్‌ఫోలియోలో కూడా రాయండి.

రెండు జాగ్రత్తలు. స్క్రీన్ మీద మండిపోయే ఎరుపు కాగితం మీద నీరసంగా వస్తుంది, కాబట్టి మొత్తం వేయించే ముందు ఒక్క షీట్ వేయించి పగటి వెలుతురులో చూడండి. చిన్న అక్షరాలు నాలుగు రంగుల నలుపులో కాకుండా కేవలం నలుపు ఇంకు 100 శాతంలో ఉంచండి, లేకపోతే రంగులు కాస్త పక్కకి జరిగినా అక్షరం చుట్టూ నీడ కనిపిస్తుంది.

ఇక నూనె. పచ్చడి సీసా అంచుల్లో నూనె కారకుండా ఉండదు, మామూలు కాగితం స్టిక్కర్ రెండు రోజుల్లో మరకలు పీల్చేస్తుంది. ప్లాస్టిక్ రకం స్టిక్కర్ షీట్ అడగండి, ఖరీదు కొంచెం ఎక్కువ. ఏది వాడాలో తెలీకపోతే రెండు రకాల ముక్కల మీదా ఒక నూనె చుక్క వేసి మర్నాడు చూడండి. తమ్ముడు ఆ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి ఫోటో తీశాడు, అది కూడా పోర్ట్‌ఫోలియోలోకి వెళ్లింది.

ఆఖరి ఫోటోలకి మాకప్ వాడకండి. ఆ ఫ్రీ మాకప్‌లు ఏజెన్సీలో అందరూ చూసినవే. నిజం సీసా మీ చేతిలో ఉంది, ఉదయం కిటికీ పక్కన తెల్ల చార్టు వేసి ఫోన్‌తో తీస్తే చాలు: ఎదురుగా ఒకటి, పక్కకి తిప్పి ఒకటి, పిన్నిగారి షెల్ఫులో మిగతా సీసాలతో ఒకటి.

రెండో పని, మూడో పని

రెండోది హోర్డింగ్. ఫ్లెక్స్ షాపులో చేసినవాళ్లైతే పాత పని ఒకటి తీయండి, పదిహేను ఫోటోలు, ఆరు ఫోన్ నంబర్లు ఉన్న కోచింగ్ సెంటర్ ఫ్లెక్స్ ఒకటి మీ దగ్గర ఉండే ఉంటుంది. ఓనర్‌ని అడిగి, మనుషుల మొహాలు, ఫోన్ నంబర్లు, సెంటర్ పేరు చెరిపేసి, దాని పక్కన మీరైతే ఎలా చేసేవారో పెట్టండి. కస్టమర్ అన్నీ పెట్టమన్నాడు, నేనేం చేసేది అనొచ్చు, నిజమే, అందుకే కొత్తదాని కింద "సొంతంగా మళ్లీ చేసింది, క్లయింట్ వాడలేదు" అని రాయండి.

సరిగ్గా చదవబడుతుందో లేదో చూడ్డానికి సులువైన లెక్క: 20 అడుగుల వెడల్పు బోర్డుని 200 అడుగుల దూరం నుంచి చూడ్డం, 6 సెంటీమీటర్ల బొమ్మని 60 సెంటీమీటర్ల దూరంలో చూడ్డం రెండూ ఒకటే. అంటే డిజైన్‌ని ఫోన్ స్క్రీన్ వెడల్పుకి పెట్టి చెయ్యి చాపి చూడండి, బెంజ్ సర్కిల్ దగ్గర బండి మీద పోయేవాడికి ఎంత కనపడుద్దో మీకూ అంతే కనపడుద్ది. రెండు సెకన్లలో ఏం చదవగలిగారో అదే మీ హోర్డింగ్, మిగతాది తీసెయ్యండి.

మూడోది ఒకే ఆలోచనని మూడు సైజుల్లో చూపించడం. ఆ హోర్డింగ్‌నే ఇన్‌స్టా పోస్టుగా 1080 బై 1350లో, స్టోరీగా 1080 బై 1920లో చెయ్యండి, తెలుగు ఒకటి, ఇంగ్లీషు ఒకటి. ఉన్నదాన్ని అటూఇటూ సాగదీస్తే కాదు, స్టోరీలో పైనా కిందా యాప్ బటన్లు వస్తాయి కాబట్టి ముఖ్యమైనవి మధ్యలో ఉండాలి, అలా మళ్లీ పేర్చాలి. ఇది పెద్ద పనేం కాదు, ఒక వారాంతంలో అయిపోద్ది.

అన్నీ కలిపి పీడీఎఫ్

పేజీ సైజు అడ్డంగా 1920 బై 1080, మొత్తం పన్నెండు పేజీలు దాటొద్దు. పచ్చడి లేబుల్‌కి ఆరు పేజీలు: పూర్తయిన సీసా ఫోటో, పిన్నిగారు అడిగింది ఏంటి, కొలతలు, కుదరని మొదటి లేబుల్, తెలుగు అక్షరాల సర్దుబాటు, ప్రింటూ ఖర్చూ. హోర్డింగ్‌కి రెండు, సైజులకి రెండు, మీ గురించి ఒకటి. అట్ట పేజీ పెద్దగా అవసరం లేదు, పేరూ ఫోన్ నంబరూ మొదటి ఫోటో మీదే ఉండొచ్చు.

ప్రతి పనికీ ఎవరు ఏం చేశారో రాయండి. ఫోటో ఫ్రెండ్ తీస్తే ఫ్రెండ్ అని, ఆకు బొమ్మ స్టాక్ సైట్ నుంచి తీసుకుంటే అదే చెప్పండి. డౌన్‌లోడ్ చేసిన టెంప్లేట్‌లో పేరు మార్చి పెడితే ఇమేజ్ సెర్చ్‌లో నిమిషంలో దొరికిపోతారు.

ఉద్యోగ అనుభవం దగ్గర "ఫ్రీలాన్సర్, 50 పైన క్లయింట్లు" అని రాసే అలవాటు మానేయండి, పేర్లు అడిగితే నీళ్లు నమలాలి. ఫ్లెక్స్ షాపులో చేశారా, అపాయింట్‌మెంట్ లెటర్ లేకపోయినా అదే రాయండి: ఊరు, ఎంతకాలం, రోజుకి సుమారు ఎన్ని డిజైన్లు, ఓనర్ ఒప్పుకుంటే ఆయన నంబరు. కస్టమర్ పక్కన నిలబడి అది పెంచు ఇది తగ్గించు అంటుంటే గంటలో ఫైల్ తేల్చిన అనుభవం ఏజెన్సీకి పనికొచ్చేదే.

ఇలస్ట్రేటర్ నుంచి సేవ్ చేసేటప్పుడు `Preserve Illustrator Editing Capabilities` టిక్ తీసెయ్యండి, అది ఉంటే ఫైల్ ఊరికే ఉబ్బిపోద్ది. స్క్రీన్ మీద చూసేదే కాబట్టి ఫోటోలు 150 డీపీఐ చాలు, 10 ఎంబీ లోపు ఉంచండి. ఫైల్ పేరు `final_final2.pdf` కాకుండా మీ పేరు, `Portfolio` అని పెట్టి, వేరే వాళ్ల ఫోన్‌కి వాట్సాప్‌లో పంపి తెరిచి చూడమనండి. ఒత్తులు సరిగ్గా ఉన్నాయా, చిన్న అక్షరాలు జూమ్ చెయ్యకుండా చదవగలుగుతున్నారా అనేది ఆ ఫోన్‌లోనే తేలుద్ది.

పంపడం, తర్వాత

మెయిల్ నాలుగు లైన్లు చాలు: మీరెవరు, ఏ పని కోసం, మొదటి ప్రాజెక్ట్ ఏంటో ఒక్క వాక్యం, ఫోన్ నంబరు. పీడీఎఫ్ అటాచ్ చేసి, డ్రైవ్ లింక్ కూడా ఇస్తే `Anyone with the link` పెట్టారో లేదో లాగిన్ అవ్వని బ్రౌజర్‌లో తెరిచి చూసుకోండి. యాక్సెస్ కావాలని రిక్వెస్ట్ పంపే ఓపిక అవతల ఎవరికీ ఉండదు. ఒకే మెయిల్‌ని ఇరవై ఏజెన్సీలకి సీసీ కొట్టకండి బాబూ. వారం అయినా జవాబు రాకపోతే ఒకసారి ఫోన్ చెయ్యండి.

ఇంటర్వ్యూకి సీసా తీసుకెళ్లండి, ఫైల్ కూడా ల్యాప్‌టాప్‌లో ఉంచుకోండి, లేయర్లకి పేర్లు పెట్టి. చాలాచోట్ల ఓపెన్ ఫైల్ చూపించమంటారు, అప్పుడు `Layer 47 copy 3` అని ఉంటే బాగోదు. టెస్ట్ పని ఇస్తే ఎంత టైమ్, దాన్ని వాడతారా అని మర్యాదగానే అడగండి. రెండు మూడు గంటల్లో అయ్యే పనైతే చెయ్యండి. నిజం క్లయింట్‌కి పది పోస్టర్లు చేసి ఓపెన్ ఫైళ్లు పంపమంటే మాత్రం ఒకటి చేసి, చిన్న సైజు జేపీజీ మీద పేరు వేసి పంపండి, మిగతావి డబ్బుల సంగతి తేలాక అని చెప్పండి.